కొత్త గృహ సముదాయాల వాననీటికి వరద నిలుపు కుంట: పరిమాణాన్ని నిర్ణయించే విధానం

సారాంశం

సాగుభూమి గృహ సముదాయంగా మారినప్పుడు అక్కడ కురిసిన వాననీరు మునుపటి కంటే ఎక్కువ పరిమాణంలో, తక్కువ సమయంలో దిగువకు చేరుతుంది. ఆ ఉధృతిని మునుపటి స్థాయికి తగ్గించడానికి డిటెన్షన్ బేసిన్ అనే వరద నిలుపు కుంటను నిర్మిస్తారు. పది హెక్టార్ల ఎర్రచెల్క భూమిని ఉదాహరణగా తీసుకొని అటువంటి కుంట ఘనపరిమాణాన్ని, తూము వ్యాసాన్ని, అలుగు పొడవును లెక్కించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. అత్యధిక ప్రవాహాన్ని ఇచ్చే వాన, కుంటను అత్యధికంగా నింపే వాన ఒకటి కావు. ఈ తేడాను గుర్తించకపోతే కుంట పరిమాణం అవసరమైన దానిలో మూడింట రెండు వంతులకే పరిమితమవుతుంది. ఈ వ్యాసంలోని ప్రధానాంశం ఇదే.

సమస్య స్వరూపం

చెల్క భూమిలో పడిన వానలో కొంత భాగం నేలలోకి ఇంకుతుంది. కొంత భాగం గెట్ల వెంట, దుక్కి చాళ్లలో కొద్దిసేపు నిలుస్తుంది. మిగిలినది పొలాల మీదుగా నెమ్మదిగా పారి వాగును చేరుతుంది. అదే నేలపై ఇళ్ల పైకప్పులు, సిమెంటు రోడ్లు, కాంక్రీటు కాలువలు ఏర్పడినప్పుడు రెండు మార్పులు ఏకకాలంలో జరుగుతాయి. వానలో ప్రవాహంగా మారే భాగం పెరుగుతుంది. ఆ ప్రవాహం దిగువకు చేరే సమయం తగ్గుతుంది. ఈ రెండూ కలిసి దిగువ కల్వర్టు వద్ద గరిష్ఠ ప్రవాహాన్ని కొన్ని రెట్లు పెంచుతాయి.

ఈ పెరుగుదల భారం సాధారణంగా గృహ సముదాయం మీద పడదు. పాత ప్రవాహానికి సరిపోయేటట్లు కట్టిన కల్వర్టు, దాని దిగువన ఉన్న పత్తి, వరి చేలు, చివరన ఉన్న చెరువు కట్ట ఆ భారాన్ని మోస్తాయి. పంట నష్టం కారణాలను పరిశీలించడానికి వెళ్లే విస్తరణ శాస్త్రవేత్తకు ఈ లెక్క తెలిసి ఉండవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.

వరద నిలుపు కుంట పనిచేసే తీరు మన చెరువుల నిర్మాణం తెలిసిన వారికి కొత్త కాదు. ఇక్కడా ఒక కట్ట, ఒక తూము, ఒక అలుగు ఉంటాయి. తెలంగాణలో మత్తడి అని పిలిచేది ఈ అలుగునే. అయితే ప్రయోజనంలో మౌలికమైన తేడా ఉంది. చెరువు నీటిని దాచుకోవడానికి ఉద్దేశించినది కాబట్టి నిండి ఉండటం దానికి శోభ. నిలుపు కుంట వాన వచ్చే సమయానికి ఖాళీగా ఉండాలి. దాని తూముకు తలుపు ఉండదు. లోనికి వేగంగా వచ్చిన నీటిని ఆ రంధ్రం పరిమితమైన వేగంతో బయటకు వదులుతుంది. లోనికి వచ్చే ప్రవాహానికీ బయటకు పోయే ప్రవాహానికీ మధ్య తేడా కొద్దిసేపు కుంటలో నిలుస్తుంది.

1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన మహా వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు హైదరాబాదు ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించబడినాయి. వరదను ఎగువనే ఆపి, దిగువ ఓర్చుకోగల మేరకు వదలడమనే సూత్రం అక్కడ పెద్ద నదికి అన్వయించబడింది. ఇక్కడ అదే సూత్రాన్ని పది హెక్టార్ల స్థలానికి అన్వయిస్తున్నాము.

ఉదాహరణ స్థలం, ప్రవాహాల అంచనా

విస్తీర్ణం 10 హెక్టార్లు, వాలు సుమారు 1.5 శాతం, నేల ఎర్రచెల్క, గెట్లు ఉన్న మెట్ట సాగు అని భావిద్దాము. నీరంతా ఒకే మూలకు చేరి, అక్కడి కల్వర్టు గుండా వాగులోకి, వాగు ద్వారా చెరువులోకి వెళ్తుంది. పదేళ్లకు ఒకసారి వచ్చే వానకు, అంటే ఏ సంవత్సరంలోనైనా వచ్చే అవకాశం పది శాతం ఉన్న వానకు, కుంటను రూపొందించాలి.

చిన్న పరీవాహక ప్రాంతాలకు గరిష్ఠ ప్రవాహాన్ని అంచనా వేయడానికి రేషనల్ పద్ధతి వాడుకలో ఉంది. 1851లో ఐర్లండు ఇంజనీరు మల్వానీ దీని మూలసూత్రాన్ని ప్రతిపాదించాడు. సూత్రం ఇది:

Q = C × i × A / 360

ఇందులో Q సెకనుకు ఘనపు మీటర్లలో ప్రవాహం, C ప్రవాహ గుణకం, i గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రత, A హెక్టార్లలో విస్తీర్ణం. గుణకం అంటే కురిసిన వానలో ప్రవాహంగా మారే నిష్పత్తి. తీవ్రతను ఎంచుకునేటప్పుడు వాన వ్యవధిని ప్రవాహ సమీకరణ కాలానికి సమానంగా తీసుకుంటారు. స్థలంలో అత్యంత దూరాన పడిన చినుకు నిష్క్రమణ స్థానానికి చేరడానికి పట్టే సమయమే సమీకరణ కాలం. అంతసేపు వాన కురిస్తేనే స్థలంలోని ప్రతి భాగం నుండి నీరు ఒకేసారి నిష్క్రమణ స్థానంలో కలుస్తుంది.

వాన తీవ్రతకు ఈ ఉదాహరణలో i = 4500 / (t + 20) అనే సంబంధాన్ని తీసుకున్నాము. ఇక్కడ t నిమిషాలలో వాన వ్యవధి. ఇది వివరణ కోసం ఎంచుకున్న సంబంధం మాత్రమే. వాస్తవ రూపకల్పనలో సమీప కేంద్రంలోని స్వయంలేఖన వర్షమాపక రికార్డుల నుండి దీనిని రాబట్టాలి. పరిశోధన కేంద్రాలలో సాధారణంగా లభించే రోజువారీ వర్షపాతం ఈ పనికి చాలదు. ఒక రోజులో 90 మి.మీ. వాన పడినదని తెలిసినా, అది ఒక గంటలో పడినదా, పన్నెండు గంటలలో పడినదా అనేది ఆ అంకె చెప్పదు. కుంట పరిమాణం పూర్తిగా ఆ తేడా మీదనే ఆధారపడి ఉంటుంది.

సాగుభూమిగా ఉన్నప్పుడు గుణకం 0.30, సమీకరణ కాలం 40 నిమిషాలు అనుకుందాము. అప్పుడు తీవ్రత గంటకు 75 మి.మీ., గరిష్ఠ ప్రవాహం సెకనుకు 0.625 ఘనపు మీటర్లు.

గృహ సముదాయం ఏర్పడిన తరువాత విస్తీర్ణంలో 40 శాతం పైకప్పులు, 25 శాతం రోడ్లు, 35 శాతం తోటలు, ఖాళీ నేల ఉంటాయని భావిద్దాము. వీటి గుణకాలు వరుసగా 0.90, 0.85, 0.22. విస్తీర్ణాల నిష్పత్తిలో సగటు తీస్తే 0.65 వస్తుంది. ఇళ్ల నుండి కాలువలోకి నీరు చేరడానికి 10 నిమిషాలు పడుతుంది. 450 మీటర్ల కాలువలో సెకనుకు 1.5 మీటర్ల వేగంతో పారడానికి మరో 5 నిమిషాలు పడుతుంది. కాబట్టి సమీకరణ కాలం 15 నిమిషాలు. అప్పుడు తీవ్రత గంటకు 128.6 మి.మీ., గరిష్ఠ ప్రవాహం సెకనుకు 2.32 ఘనపు మీటర్లు.

అంటే గరిష్ఠ ప్రవాహం సుమారు 3.7 రెట్లు పెరిగింది. గుణకం పెరగడం వల్ల వచ్చిన పెరుగుదల 2.2 రెట్లు కాగా, నీరు త్వరగా చేరడం వల్ల వచ్చినది 1.7 రెట్లు. కుంట నుండి బయటకు పోయే ప్రవాహాన్ని పాత గరిష్ఠానికి లోబడి, కొంత జాగ్రత్తతో, సెకనుకు 0.60 ఘనపు మీటర్లకు పరిమితం చేయాలని నిర్ణయిద్దాము.

సాగుభూమికి తీసుకున్న 0.30 గుణకంపై ఒక మాట చెప్పవలసి ఉంది. ఇది ఎంత పెరిగితే దిగువకు వదలడానికి అనుమతించే ప్రవాహం అంత పెరుగుతుంది, కుంట అంత చిన్నదవుతుంది. అదే భూమికి గుణకాన్ని 0.40గా చూపితే అనుమతించే ప్రవాహం 0.83కు చేరుతుంది. కింద వివరించిన పద్ధతిలో కావలసిన ఘనపరిమాణం సుమారు 2,315 నుండి 1,880 ఘనపు మీటర్లకు పడిపోతుంది. నిర్మాణదారుని నివేదికలో మొదట పరిశీలించవలసిన అంకె ఇదే. నేల రకం, ఇంకుడు వేగం, గెట్ల స్థితి తెలిసిన వ్యవసాయ శాస్త్రవేత్త అభిప్రాయం ఇక్కడ నేరుగా ఉపయోగపడుతుంది.

కుంటను నింపే వాన ఏది?

గరిష్ఠ ప్రవాహం 15 నిమిషాల వానకు వచ్చింది. కాబట్టి కుంటను కూడా ఆ వానకే లెక్కించాలని అనిపించడం సహజం. కాని కుంటను నింపేది ప్రవాహపు ఎత్తు కాదు, అనుమతించిన ప్రవాహానికి మించి వచ్చిన నీటి మొత్తం. తీవ్రత తక్కువైనా ఎక్కువసేపు కురిసే వాన మరింత నీటిని తెస్తుంది. మరీ ఎక్కువసేపు కురిసే వానలో తీవ్రత తగ్గిపోయి, వచ్చిన నీరు వచ్చినట్లే తూము గుండా పోతుంది. ఈ రెండు అంచుల మధ్య ఎక్కడో కుంటను అత్యధికంగా నింపే వాన ఉంటుంది. దానిని వేర్వేరు వ్యవధులకు లెక్క చేసి కనుగొనాలి.

సవరించిన రేషనల్ పద్ధతిలో, D నిమిషాల వానకు లోనికి వచ్చే ప్రవాహం 15 నిమిషాలలో గరిష్ఠానికి చేరి, వాన ఆగేవరకు అదే స్థాయిలో ఉండి, మరో 15 నిమిషాలలో సున్నాకు దిగుతుందని భావిస్తారు. అప్పుడు లోనికి వచ్చిన మొత్తం నీరు Qp × D × 60 ఘనపు మీటర్లు. బయటకు పోయే ప్రవాహాన్ని త్రిభుజాకారంగా ఊహిస్తే, నిలపవలసిన నీటి అంచనా ఇలా వస్తుంది:

V = 60 × [ Qp × D − Qo × (D + tc) / 2 ]

ఇందులో Qp ఆ వానకు లోనికి వచ్చే గరిష్ఠ ప్రవాహం, Qo అనుమతించిన 0.60, tc సమీకరణ కాలమైన 15 నిమిషాలు. ఫలితాలు కింది పట్టికలో ఉన్నాయి.

| వాన వ్యవధి, నిమిషాలు | లోనికి వచ్చే గరిష్ఠ ప్రవాహం, ఘ.మీ./సె. | వచ్చిన మొత్తం నీరు, ఘ.మీ. | నిలపవలసిన నీరు, ఘ.మీ. |
|---|---|---|---|
| 15 | 2.32 | 2,089 | 1,549 |
| 30 | 1.63 | 2,925 | 2,115 |
| 45 | 1.25 | 3,375 | 2,295 |
| 60 | 1.02 | 3,656 | 2,306 |
| 90 | 0.74 | 3,989 | 2,099 |

నిలపవలసిన నీరు 54 నిమిషాల వాన వద్ద సుమారు 2,315 ఘనపు మీటర్లతో గరిష్ఠమవుతుంది. 15 నిమిషాల వాననే ఆధారంగా తీసుకున్న రూపకర్త 1,549 ఘనపు మీటర్ల కుంటను కట్టేవాడు. అది అవసరమైన దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. అటువంటి కుంట పదేళ్ల వాన కంటే ఎంతో చిన్న వానకే పొర్లుతుంది. పొర్లిన క్షణం నుండి లోనికి వచ్చే నీరు దాదాపు అదే ఉధృతితో దిగువకు పోతుంది. నివేదికలో ఒకే వాన వ్యవధి కనిపిస్తే ఈ లోపం జరిగినదని అనుమానించవచ్చు.

కుంట ఆకృతి, తూము

కుంట అడుగు 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, పక్క వాలు 3:1 అనుకుందాము. మూడు అడుగులు అడ్డంగా పోతే ఒక అడుగు ఎత్తు లేచే ఈ వాలు మట్టి కట్టకు స్థిరంగా ఉంటుంది. పిల్లలు, పశువులు దిగినా తిరిగి ఎక్కగలుగుతారు. నీటి లోతు 1.5 మీటర్లయితే ఘనపరిమాణం 2,422 ఘనపు మీటర్లు. దానిపై అర మీటరు ఖాళీ ఎత్తు ఉంచాలి. కట్ట పై అంచుల మధ్య విస్తీర్ణం సుమారు 2,300 చదరపు మీటర్లు, అంటే మొత్తం స్థలంలో 2.3 శాతం.

తూము నుండి పోయే ప్రవాహం Q = Cd × a × √(2gH) అనే సూత్రాన్ని అనుసరిస్తుంది. ఇందులో a రంధ్రం వైశాల్యం, H రంధ్రం మధ్య బిందువు పైన ఉన్న నీటి ఎత్తు, g గురుత్వ త్వరణం. పదునైన అంచుగల రంధ్రానికి Cd విలువ సుమారు 0.6. కుంట అడుగు మట్టంలో 500 మి.మీ. వ్యాసం గల రంధ్రం పెడితే, 1.5 మీటర్ల లోతు వద్ద H 1.25 మీటర్లు, ప్రవాహం సెకనుకు 0.58 ఘనపు మీటర్లు వస్తుంది. ఇది 0.60 లోపు ఉంది. రంధ్రం పూర్తిగా మునగక ముందు ఈ సూత్రం వర్తించదు. అప్పుడు ప్రవాహం అలుగు మీద పారినట్లు ఉంటుంది కాబట్టి తక్కువ లోతులకు విలువలను విడిగా తీసుకోవాలి.

| లోతు, మీ. | నిల్వ, ఘ.మీ. | తూము ప్రవాహం, ఘ.మీ./సె. |
|---|---|---|
| 0.50 | 683 | 0.26 |
| 0.75 | 1,069 | 0.37 |
| 1.00 | 1,487 | 0.45 |
| 1.25 | 1,938 | 0.52 |
| 1.50 | 2,422 | 0.58 |

ఈ పట్టికలో ఒక విషయం గమనించాలి. లోతు సగం నుండి ఒకటిన్నర మీటర్లకు మూడు రెట్లు పెరిగినా తూము ప్రవాహం రెండింతలకు కొద్దిగా మాత్రమే మించింది. నీటి ఎత్తు వర్గమూలంతో ప్రవాహం పెరగడమే దీనికి కారణం. దిగువకు పోయే ప్రవాహాన్ని అదుపులో ఉంచేది తూము యొక్క ఈ స్వభావమే.

నిమిష నిమిషపు నీటి లెక్క

పై ఘనపరిమాణం తొలి అంచనా మాత్రమే. త్రిభుజాకార నిష్క్రమణ అనేది ఊహ. నిజమైన తూము గుండా ఎంత నీరు ఎప్పుడు పోతుందో తెలుసుకోవడానికి ఐదేసి నిమిషాల మెట్లతో జమాఖర్చు వేయాలి. అమెరికా సైనిక ఇంజనీరింగ్ విభాగానికి చెందిన పల్స్ 1928లో రూపొందించిన పద్ధతి ఇందుకు ఆధారం. సూత్రం సరళమైనది. ప్రతి మెట్టులో కొత్త నిల్వ, పాత నిల్వకు వచ్చిన నీటిని కలిపి పోయిన నీటిని తీసివేయగా మిగిలినదానికి సమానం.

45 నిమిషాల వానలో ఒక మెట్టును చూద్దాము. వాన ఆగే క్షణానికి నిల్వ 2,043 ఘనపు మీటర్లు, లోతు 1.30 మీటర్లు, తూము ప్రవాహం 0.534. తరువాతి ఐదు నిమిషాలలో లోనికి వచ్చే ప్రవాహం 1.25 నుండి 0.83కు తగ్గుతుంది. కాబట్టి వచ్చిన నీరు 312 ఘనపు మీటర్లు. ఆ మెట్టు చివర తూము ప్రవాహం 0.555 ఉంటుందని ఊహిస్తే, పోయిన నీరు 163 ఘనపు మీటర్లు. కొత్త నిల్వ 2,192 ఘనపు మీటర్లు. పట్టిక ప్రకారం ఆ నిల్వకు లోతు 1.38 మీటర్లు, తూము ప్రవాహం 0.555. ఊహించినదీ వచ్చినదీ సరిపోయినాయి కాబట్టి తదుపరి మెట్టుకు వెళ్లవచ్చు. సరిపోకపోతే ఊహను మార్చి మళ్లీ లెక్కించాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఈ పని కొద్ది వరుసలలో ముగుస్తుంది.

వాన ఆగిన తరువాత కూడా నీటి మట్టం పెరుగుతూ ఉండటం ఇక్కడ గమనార్హం. లోనికి వచ్చే ప్రవాహం, బయటకు పోయే ప్రవాహం సమానమైన క్షణంలోనే మట్టం గరిష్ఠానికి చేరుతుంది. లెక్కలో బయటి ప్రవాహపు శిఖరం లోనికి వచ్చే ప్రవాహపు వక్రరేఖ మీద పడకపోతే ఎక్కడో తప్పు జరిగినదని అర్థం. విద్యార్థులు తమ లెక్కను సరిచూసుకోవడానికి ఇది సులభమైన పరీక్ష.

ఇదే జమాఖర్చును అన్ని వ్యవధులకు వేస్తే బయటి గరిష్ఠ ప్రవాహం 15 నిమిషాల వానకు 0.48, 30 నిమిషాలకు 0.54, 45 నిమిషాలకు 0.56, 60 నిమిషాలకు 0.55, 90 నిమిషాలకు 0.52 ఘనపు మీటర్లుగా వస్తుంది. అత్యధిక లోతు 1.39 మీటర్లు, నిల్వ 2,213 ఘనపు మీటర్లు. అనుమతించిన 0.60 ఎక్కడా మించలేదు. లోనికి 2.32గా వచ్చిన 15 నిమిషాల ఉధృతి దిగువకు 0.48గా మాత్రమే వెళ్లింది. వాన ఆగిన రెండున్నర, మూడు గంటలలో కుంట దాదాపు ఖాళీ అయి తరువాతి వానకు సిద్ధమవుతుంది.

చిన్న వానల పరీక్ష

పదేళ్ల వానకు సరిపోయిన తూము రెండేళ్లకు ఒకసారి వచ్చే వానకు కూడా సరిపోతుందని అనుకోరాదు. రెండేళ్ల వాన తీవ్రత పదేళ్ల దానిలో 60 శాతం అనుకుంటే, సాగుభూమిగా ఉన్నప్పటి గరిష్ఠ ప్రవాహం 0.375. అదే వానకు మన కుంట నుండి బయటకు పోయే ప్రవాహం 0.405. అంటే పెద్ద వానను అదుపు చేసిన కుంట చిన్న వానకు మునుపటి కంటే ఎనిమిది శాతం ఎక్కువ నీటిని వదులుతున్నది. పెద్ద రంధ్రం చిన్న వానకు అడ్డు కాకపోవడమే కారణం. వాగు గట్లను కోసివేసేది తరచుగా వచ్చే ఈ మధ్యస్థ ప్రవాహాలే కాబట్టి దీనిని విస్మరించరాదు.

దీనికి పరిష్కారం రెండు అంచెల తూము. అడుగున చిన్న రంధ్రం, ఉదాహరణకు 400 మి.మీ., ఉంచి, సుమారు ఒక మీటరు ఎత్తున మరో చీలికను ఏర్పరుస్తారు. చిన్న వానలకు కింది రంధ్రమే పనిచేస్తుంది. పెద్ద వానకు మట్టం పెరిగి పై చీలిక కూడా తోడవుతుంది. అయితే ఆరంభంలో తక్కువ నీరు పోవడం వల్ల కుంట ఎక్కువగా నిండుతుంది. కాబట్టి అడుగు విస్తీర్ణాన్ని కొంత పెంచి జమాఖర్చును మొదటి నుండి మళ్లీ వేయాలి. తూము మారిన ప్రతిసారీ ఘనపరిమాణం మారుతుంది. ఈ రెంటినీ విడివిడిగా నిర్ణయించడం సాధ్యం కాదు.

అలుగు

రూపకల్పనకు మించిన వాన ఏదో ఒకనాడు తప్పక వస్తుంది. ప్లాస్టిక్ సంచులు, కొమ్మలు పేరుకొని తూము పూర్తిగా మూసుకుపోయిన రోజునే అది రావచ్చు. ఆ స్థితిలో మట్టి కట్ట మీదుగా నీరు పొర్లితే కట్ట తెగుతుంది. నిలిచిన నీరంతా ఒక్కసారిగా దిగువకు పోతుంది. అది కుంట లేనప్పటి వరద కంటే ప్రమాదకరం.

అందుచేత 1.5 మీటర్ల మట్టంలో రాతి పరుపుతో అలుగు కట్టాలి. నూరేళ్ల వాన గరిష్ఠ ప్రవాహం పదేళ్ల దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 3.48 అని, తూము మూసుకుపోయినదని భావిద్దాము. వెడల్పు శిఖరం గల అలుగుకు Q = 1.7 × L × H^1.5. నీరు అలుగుపై 0.3 మీటర్ల ఎత్తున పారడానికి అనుమతిస్తే కావలసిన పొడవు 12.5 మీటర్లు. కట్ట ఖాళీ ఎత్తులో ఇంకా 0.2 మీటర్లు మిగులుతుంది.

పూడిక, నిర్వహణ

లెక్కలో 2,422 ఘనపు మీటర్ల సామర్థ్యానికి 2,213 వాడుకలోకి వచ్చినాయి. మిగిలినది సుమారు 209 ఘనపు మీటర్లు మాత్రమే. అడుగున 16 సెంటీమీటర్ల పూడిక చేరితే ఈ మిగులు పూర్తిగా హరించుకుపోతుంది. 30 సెంటీమీటర్ల పూడిక సుమారు 396 ఘనపు మీటర్లను, అంటే సామర్థ్యంలో ఆరవ వంతును మింగివేస్తుంది. రోడ్లు వేసి, ప్లాట్లలో ఇళ్లు ఇంకా లేవని దశలో నేల నగ్నంగా ఉండి మట్టి అత్యధికంగా కొట్టుకువస్తుంది. కుంట జీవితంలో మొదటి రెండు, మూడు వానాకాలాలే ఎక్కువ పూడికను తెస్తాయి.

అందువల్ల కాలువ కుంటలో కలిసే చోట చిన్న పూడిక గుంతను వేరుగా నిర్మించడం, కుంట అడుగున ఒక రాతి స్తంభం పాతి 15 సెంటీమీటర్ల వద్ద గుర్తు పెట్టడం మంచి పద్ధతులు. పూడిక గుర్తును చేరిననాడు తీయించాలి. తూము ముందు ఏటవాలు ఇనుప జాలీ ఉండాలి. నిటారు జాలీ మీద చెత్త అతుక్కొని నీటి దారిని మూసివేస్తుంది. ఏటవాలు జాలీ మీద నీటి మట్టంతో పాటు చెత్త పైకి జరుగుతుంది.

వాన వెలిసిన మరునాడు కూడా కుంటలో నీరు నిలిచి ఉంటే తూము మూసుకుపోయిందని గ్రహించాలి. కట్ట లోపలి వాలు మీద చెత్త గీత అలుగు మట్టాన్ని తాకితే, పడిన వాన సాధారణమైనదే అయినా, కుంట సామర్థ్యం తగ్గిందని అర్థం. వాన పడుతుండగా మట్టం అతి తక్కువగా ఉండి దిగువ కల్వర్టు మాత్రం నిండి పారుతుంటే, ఎవరో తూమును పెద్దది చేసినట్లో, కాలువ కుంటను తప్పించి పోతున్నట్లో భావించాలి. కుంటను అందం కోసమో, చేపల కోసమో నీటితో నింపి ఉంచడం మరో లోపం. నిండిన మేరకు దాని వరద నిలుపు శక్తి పోయినట్లే. ‘దిగువన చెరువు ఉంది కదా’ అన్న వాదనకు కూడా ఇదే సమాధానం. అలుగు మట్టానికి నిండిన చెరువు వరదను పెద్దగా తగ్గించలేదు.

కుంట చేయలేని పనులు

కుంట గరిష్ఠ ప్రవాహాన్ని తగ్గిస్తుంది కాని నీటి మొత్తాన్ని తగ్గించదు. 45 నిమిషాల వానకు సాగుభూమి నుండి సుమారు 1,560 ఘనపు మీటర్లు పారేవి. ఇప్పుడు 3,375 పారుతున్నాయి. ఆ అదనపు 1,800 ఘనపు మీటర్లు ఉధృతి లేకుండా, కాని ఎక్కువసేపు, వాగులో పారుతాయి. వాగు ఒడ్డున పల్లపు చేలలో నీరు తీసే దారి బలహీనంగా ఉంటే అక్కడ ముంపు లోతు తగ్గినా ముంపు సమయం పెరగవచ్చు. పత్తి, కంది వంటి పైర్లకు వేళ్ల వద్ద నీరు నిలిచే సమయమే ప్రధానం కాబట్టి ఈ అంశాన్ని విడిగా పరిశీలించాలి. నీటి మొత్తాన్ని తగ్గించడానికి ఇంకుడు గుంతలు, పైకప్పు నీటి నిల్వ వంటివి ఎగువనే చేపట్టాలి.

రెండవ పరిమితి సమయానికి సంబంధించినది. కుంట లేకపోతే 45 నిమిషాల వాన నీరంతా ఒక గంట లోపే స్థలాన్ని దాటిపోతుంది. కుంట ఉంటే 55వ నిమిషంలో శిఖరం వచ్చి, ఆ తరువాత చాలాసేపు 0.5 ఘనపు మీటర్ల దరిదాపులలో ప్రవాహం కొనసాగుతుంది. ఎగువ పెద్ద పరీవాహకం నుండి వచ్చే వాగు శిఖరం సరిగ్గా గంట, గంటన్నర వేళకు ఇక్కడికి చేరుతుంటే, కుంట నీరు దానితో కలిసి దిగువ గరిష్ఠాన్ని పెంచుతుంది. స్థలం వాగు పరీవాహకానికి పై భాగంలో ఉంటే ఈ ప్రమాదం తక్కువ. కింది చివరన ఉంటే ఎక్కువ. ఆ స్థితిలో నీటిని త్వరగా వదిలివేయడమే మేలు కావచ్చు. అందుకే స్థలం సరిహద్దు వద్ద మాత్రమే కాక, కనీసం తరువాతి కల్వర్టు లేదా చెరువు ప్రవేశం వరకు రెండు ప్రవాహాలను కలిపి లెక్కించాలి. వాగులో నీటి మట్టం తూము కంటే పైకి లేచే చోట తూము సూత్రంలోని H కూడా తగ్గుతుంది. అప్పుడు కుంట ఊహించిన దాని కంటే ఎక్కువగా నిండుతుంది.

ముగింపు

నిలుపు కుంట నివేదికను పరిశీలించేటప్పుడు ఐదు అంశాలను చూడాలి. సాగుభూమి గుణకం నేల స్వభావానికి తగినట్లు ఉన్నదా? ఒకే వానకు కాక అనేక వ్యవధులకు లెక్క వేసినారా? తూముతో కలిపి నీటి జమాఖర్చు చూపినారా? రెండేళ్ల వానకు, తూము మూసుకుపోయిన స్థితికి పరీక్షించినారా? దిగువ వాగు శిఖరంతో సమయాన్ని పోల్చినారా? మన ఉదాహరణలో మొదటి ప్రశ్న 430 ఘనపు మీటర్ల తేడాను, రెండవ ప్రశ్న 760 ఘనపు మీటర్లకు పైగా తేడాను తెచ్చినాయి. స్థలంలో 2.3 శాతం నేలను కేటాయించినా, ఈ ప్రశ్నలకు సమాధానం లేని కుంట దిగువ పొలాలకు రక్షణ ఇవ్వలేదు.